రిగ్రెషన్ వచ్చినప్పుడు మూసేసిన టాస్కునే తెరవాలా, కొత్తది రాసి లింక్ చేయాలా?

మధురవాడ_క్యూఏ · సోమవారం, ఉదయం 10:12

అందరికీ నమస్కారం. మాది రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లకు సాఫ్ట్‌వేర్ చేసే చిన్న టీమ్. రైతు సరుకు తెచ్చినప్పుడు రిసీవింగ్ దగ్గర గుమాస్తా ఫోన్‌లో లాట్ బరువు కొడతాడు, స్లిప్ పడుతుంది. రైతుకు డబ్బు ఆ స్లిప్ మీదే వెళ్తుంది.

మా జిరాలో SHR-412 అని ఒక టాస్క్ ఉంది. నెట్‌వర్క్ ఆగినప్పుడు గుమాస్తా బటన్ రెండోసారి నొక్కితే ఒకే లాట్‌కి రెండు స్లిప్పులు పడేవి. దాన్ని 3.8లో సరిచేసి మూసేశారు. ఫీల్డ్‌లో బాగానే నడిచింది. ఇప్పుడు 3.10 వెళ్లాక ఒక ప్లాంట్ నుంచి అదే ఫిర్యాదు మళ్లీ వచ్చింది. మా టెస్టర్ వెంటనే 412ని రీఓపెన్ చేసింది. పాత కథంతా అక్కడే ఉంది కదా, కొత్తది ఎందుకు అని ఆమె వాదన. డెవలపర్ మాత్రం నేను చేసిన పని అయిపోయింది, ఇది వేరేది, కొత్తది రాయండి అంటున్నాడు.

ఈ గొడవ ప్రతి రిలీజ్‌కీ వస్తోంది. ఎవరు చదివినా ఒకే నిర్ణయానికి వచ్చేలా ఒక పేజీ నియమం రాసి పెట్టాలనుకుంటున్నాను. మీ దగ్గర ఏం పాటిస్తున్నారు?

రుషికొండ_బ్యాకెండ్ · ఉదయం 10:40

మా దగ్గర సింపుల్ అండీ. మూసిన 30 రోజుల లోపు వస్తే రీఓపెన్, దాటితే కొత్తది. జిరాలో ఆటోమేషన్ పెట్టేశాం, 30 రోజులు దాటిన టాస్కుకి రీఓపెన్ బటనే రాదు. వాదనలు ఆగిపోయాయి. మీరూ అదే పెట్టేయండి.

గాజువాక_మెయింటెనెన్స్ · ఉదయం 11:25

నేను సాఫ్ట్‌వేర్ మనిషిని కాదు, ప్లాంటులో మెకానికల్ మెయింటెనెన్స్. కానీ ఇదే తగువు మా షాపులో కూడా ఉంది, అందుకని రాస్తున్నాను.

ఏటంటే, పంపు బేరింగ్ మార్చాం, వర్క్ ఆర్డర్ టెక్నికల్‌గా కంప్లీట్ చేసేశాం. వారం తిరక్కుండానే అదే పంపు, అదే శబ్దం. ఫోర్‌మన్ పాత ఆర్డర్ తెరవమంటాడు. ఇంజనీరు ఒప్పుకోడు. పాత ఆర్డర్ మీద సామాను ఖర్చు, మనిషి గంటలు లెక్క కట్టేసి ఉంటాయి. దాన్ని తెరిచి మళ్లీ ఖర్చు ఎక్కిస్తే ఏ రిపేరుకి ఎంతయిందో తేలదు. పైగా పంపు రెండుసార్లు చెడిపోయిందన్న సంగతి రికార్డులో ఉండదు, ఒకే బ్రేక్‌డౌన్‌లా కనపడుతుంది. అందుకని మేం కొత్తది రాసి పాత నంబరు అందులో వేస్తాం. ట్రయల్ రన్‌లోనే శబ్దం వస్తే మాత్రం ఆర్డర్ అసలు మూసినట్టే కాదు, అదే కొనసాగిస్తాం.

మీ పనికి ఇది ఎంతవరకు పనికొస్తుందో మీరే చూసుకోవాలి.

సాగర్‌నగర్_రిలీజ్ · మధ్యాహ్నం 12:05

గాజువాక అన్నగారు చివర్లో చెప్పిన ట్రయల్ రన్ మాటలోనే సగం సమాధానం ఉంది. చాలా ఏళ్లుగా రిలీజులు చూస్తున్నాను, నా అనుభవం కూడా అదే: ఎన్ని రోజులైందన్నది కాదు, ఆ ఫిక్స్ వాడేవాళ్ల చేతికి వెళ్లిందా లేదా అన్నది చూడాలి.

ఫిక్స్ ఇంకా బయటికి వెళ్లలేదు, టెస్టింగ్‌లోనే తేలింది అనుకోండి. ఆ టాస్క్ పని పూర్తికాలేదు, అంతే. దాన్నే తెరవాలి. ఫిక్స్ వల్ల ఇంకేదో పాడై ఆ కమిట్‌ని రివర్ట్ చేశారనుకోండి. అప్పుడూ పాతదే తెరవాలి, ఎందుకంటే కోడ్ మళ్లీ మొదటికే వచ్చింది. మొజిల్లా వాళ్ల బగ్జిల్లాలో కూడా ప్యాచ్ వెనక్కి తీస్తే పాత బగ్‌నే తెరుస్తారు. ఒక మార్పు వల్ల వేరేది పాడైతే కొత్త బగ్ రాసి, దాంట్లో Regressed by అనే ఫీల్డ్‌లో కారణమైన బగ్ నంబరు వేస్తారు. ఆ రెండింటినీ వాళ్లు కలపరు.

ఫిక్స్ రిలీజ్ అయ్యింది, జనం వాడారు, తర్వాతి వెర్షన్‌లో మళ్లీ వచ్చింది అంటే మాత్రం నేను కొత్త టాస్కే అంటాను. కానీ అంతకంటే ముందు మేడం, ఒక సంగతి చెప్పండి. 412లో రాసిన పాత స్టెప్పులు, అవే, అక్షరం మార్చకుండా, 3.10 మీద నడిపి చూశారా? 412కి రాసిన ఆటోమేటెడ్ టెస్ట్ ఇప్పుడు పాస్ అవుతోందా?

రుషికొండ_బ్యాకెండ్ · మధ్యాహ్నం 12:20

రిలీజ్ అయ్యిందా లేదా అన్నదానికి 30 రోజులు ఒక అంచనా అనుకోండి. మాకు నెలకో రిలీజ్. కాబట్టి 30 దాటితే రిలీజ్ అయినట్టే.

సాగర్‌నగర్_రిలీజ్ · మధ్యాహ్నం 12:31

మీ టీమ్‌కి నెలకో రిలీజ్ కాబట్టి సరిపోతోంది. రోజూ డిప్లాయ్ చేసే టీమ్‌లో మూడో రోజుకే ఫిక్స్ జనం దగ్గర ఉంటుంది. ఆరు నెలలకోసారి రిలీజ్ చేసేవాళ్ల దగ్గర 90 రోజులైనా బయటికి వెళ్లదు. రోజుల లెక్క తప్పని అనను. కానీ ఆ నంబరు మీ రిలీజ్ క్యాలెండర్ నుంచి పుట్టింది, దాన్ని ఇంకొకరు తీసుకెళ్తే వాళ్లకి నప్పదు.

పెందుర్తి_ఫ్రెషర్ · మధ్యాహ్నం 1:15

సర్, నాకూ ఇదే సమస్య. గిట్‌హబ్‌లో ఒక ప్రాజెక్టులో నేను రాసిన ఇష్యూ మూసేశారు, మళ్లీ తెరుద్దామంటే బటన్ కనిపించట్లేదు. ఏ సెట్టింగ్ మార్చాలి?

ఎండాడ_మొబైల్ · మధ్యాహ్నం 1:32

తమ్ముడూ, ఇక్కడ మాట్లాడుతున్నది వేరే విషయం. నీ ప్రశ్నకి జవాబు: నువ్వే మూసుకుంటే నువ్వు తెరుచుకోవచ్చు. ప్రాజెక్టు వాళ్లు మూస్తే నీకు ఆ రిపోలో అనుమతి ఉండాలి. లేకపోతే కింద కామెంట్ పెట్టి అడుగు, లేదా కొత్త ఇష్యూ రాసి పాత నంబరు పేర్కొను. నీ దగ్గర సెట్టింగ్ ఏమీ లేదు.

మధురవాడ_క్యూఏ · మధ్యాహ్నం 3:48

సాగర్‌నగర్ గారూ, మీరు అడిగినట్టు నడిపించాం. పాత స్టెప్పులతో 3.10లో ఒకే స్లిప్ వస్తోంది. ఆటోమేటెడ్ టెస్ట్ కూడా పాస్. అంటే ఫిక్స్ అక్కడే ఉంది!

ప్లాంటుకి ఫోన్ చేసి గుమాస్తాతో మాట్లాడితే అసలు సంగతి తెలిసింది. ఆయన బటన్ రెండోసారి నొక్కలేదు. నెట్ లేనప్పుడు ఒక్కసారే నొక్కాడు, యాప్ మూసేశాడు, నెట్ వచ్చాక తెరిచాడు. అప్పుడు రెండు స్లిప్పులు పడ్డాయి.

డెవలపర్‌కి ఈ స్టెప్పులు ఇస్తే గంటలో పట్టుకున్నాడు. 3.8 ఫిక్స్ ఏంటంటే, బటన్ నొక్కగానే యాప్ ఒక రిక్వెస్ట్ ఐడీ తయారుచేస్తుంది, అదే ఐడీ రెండోసారి వస్తే సర్వర్ తీసుకోదు. 3.10లో ఆఫ్‌లైన్ క్యూ కొత్తగా చేర్చారు, ఆ టాస్క్ SHR-538. యాప్ మూసి తెరిచినప్పుడు ఆ క్యూ పాత ఎంట్రీకి కొత్త ఐడీ వేసి పంపుతోంది. మొదటి ప్రయత్నం సర్వర్‌కి చేరి, జవాబు మాత్రమే వెనక్కి రాని సందర్భాల్లో రెండూ నమోదైపోతున్నాయి. సర్వర్ దృష్టిలో అవి రెండు వేర్వేరు లాట్లు.

నాకు బాధ కలిగించిన విషయం ఇంకొకటి. 412 రీఓపెన్ చేసి ఉండటంతో డెవలపర్ ముందు ఆ పాత కోడ్‌నే తవ్వాడు. టాస్క్‌లో పాత స్టెప్పులు పైన ఉన్నాయి, కొత్తవి కామెంట్ల అడుగున. ఆయన పైవే నడిపి నా దగ్గర రావట్లేదు అని రాశాడు. టెస్టర్ కిందవి చూడమంది. వాళ్లిద్దరూ వేర్వేరు లోపాల గురించి మాట్లాడుకున్నారు.

సాగర్‌నగర్_రిలీజ్ · సాయంత్రం 4:30

అయితే మీ కేసు తేలిపోయింది. లక్షణం ఒకటే, కారణం వేరు. పాత టెస్ట్ పాస్ అవుతూ ఫిర్యాదు మాత్రం వస్తోందంటే దాదాపు ఎప్పుడూ ఇదే కథ. కొత్త టాస్క్ రాసి రెండు లింకులు పెట్టండి. SHR-538కి is caused by, SHR-412కి relates to. చాలామంది రెండోది పెట్టి మొదటిది వదిలేస్తారు. పనికొచ్చేది మొదటిదే, ఎందుకంటే ఆఫ్‌లైన్ క్యూ వల్ల ఇంకేం పాడయ్యాయో రేపు 538 తెరిస్తే అక్కడే వరుసగా కనిపిస్తాయి. is caused by అనే లింక్ రకం మీ జిరాలో లేకపోతే అడ్మిన్ చేర్చగలరు.

కారణం తెలియనప్పుడు ఏం చేయాలని అడుగుతారు కాబట్టి అదీ చెప్తాను. మొదట ఫిక్స్ ఆ వెర్షన్‌లో ఉందా అని చూడండి:

```
git tag --contains a1b2c3d
git log --oneline --grep="SHR-412" v3.10.0
```

మొదటి కమాండ్ ఆ కమిట్ ఏయే ట్యాగ్‌ల్లో ఉందో చెప్తుంది. కానీ చెర్రీ-పిక్ చేస్తే కమిట్ హ్యాష్ మారిపోతుంది, అప్పుడు మొదటిది లేదనే చెప్తుంది. అందుకే రెండోది. అది పనిచేయాలంటే కమిట్ మెసేజ్‌లో టాస్క్ నంబరు రాసే అలవాటు ఉండాలి. ఫిక్స్ ఉందని తేలితే, మంచి వెర్షన్‌కీ చెడ్డ వెర్షన్‌కీ మధ్య ఏ కమిట్ పాడుచేసిందో బైసెక్ట్ పట్టిస్తుంది:

```
git bisect start v3.10.0 v3.9.2
git bisect run ./test_offline_slip.sh
```

చెడ్డది ముందు, మంచిది తర్వాత రాయాలి. మధ్యలో 120 కమిట్లు ఉన్నా ఏడు దఫాల్లో దొరుకుతుంది. స్క్రిప్టులో మాత్రం కొత్త స్టెప్పులు ఉండాలి. పాత టెస్ట్ పెడితే అన్నీ బాగున్నాయనే అంటుంది.

మీరు 412ని తెరిచినప్పుడు Fix Version మార్చారా?

మధురవాడ_క్యూఏ · సాయంత్రం 5:02

మార్చారండీ. 3.8 తీసేసి 3.10.1 పెట్టారు. దాంతో ఇంకో తిప్పలు వచ్చింది. వేరే ప్లాంట్ ఒకటి ఇంకా 3.8లోనే ఉంది. డబుల్ స్లిప్ సమస్య మా వెర్షన్‌లో ఉందా అని సపోర్ట్‌ని అడిగారు. సపోర్ట్ వాళ్లు 412 చూశారు. ఓపెన్‌లో ఉంది, 3.10.1లో వస్తుంది అని ఉంది. మీ దగ్గర ఉంది, 3.10.1 దాకా ఆగండి అని చెప్పేశారు. ఆ ప్లాంటు వాళ్లు యాప్ పక్కన పెట్టి చేత్తో స్లిప్పులు రాయడం మొదలుపెట్టారు. నిజానికి 3.8లో ఏ సమస్యా లేదు.

సిరిపురం_సపోర్ట్ · సాయంత్రం 5:20

సపోర్ట్ వైపు నుంచి నా మాట. కస్టమర్ ఫోన్ చేసినప్పుడు మేం కోడ్ చూడలేం, బైసెక్ట్ చేయలేం. టాస్క్ స్టేటస్, Fix Version, ఈ రెండే మా కళ్లు. ఒకే టాస్క్ రెండు వెర్షన్ల కథ చెప్తే మేం తప్పు చెప్పడం ఖాయం. దయచేసి రిలీజ్ అయిపోయిన దాని Fix Version ముట్టుకోకండి. రిలీజ్ నోట్స్ కూడా దాని నుంచే తీస్తారు. 3.8 నోట్స్ మళ్లీ తీస్తే ఆ లైను మాయమైపోతుంది.

రుషికొండ_బ్యాకెండ్ · సాయంత్రం 5:41

Fix Version లో రెండూ పెట్టొచ్చు కదా, 3.8, 3.10.1? జిరా ఒప్పుకుంటుంది.

సాగర్‌నగర్_రిలీజ్ · సాయంత్రం 5:55

ఒప్పుకుంటుంది. కానీ స్టేటస్ ఒక్కటే కదా. రిలీజ్ అయిపోయిన 3.8 కింద ఓపెన్ టాస్క్ ఒకటి కనిపిస్తుంది. సిరిపురం గారికి మళ్లీ అదే అయోమయం. ఒకే ఫిక్స్‌ని రెండు బ్రాంచిల్లో ఒకేసారి వేసినప్పుడు రెండు వెర్షన్లు రాయడం సరైన వాడుక.

ఇంకో మాట. రీఓపెన్ చేయాల్సిన చోట చేసినా Resolution సంగతి చూసుకోండి. జిరా వర్క్‌ఫ్లోలో రీఓపెన్ ట్రాన్సిషన్‌కి Resolution ని ఖాళీ చేసే పోస్ట్ ఫంక్షన్ పెట్టకపోతే, స్టేటస్ Reopened అని ఉంటుంది గానీ లోపల Done అలాగే ఉండిపోతుంది. టాస్క్ నంబరు మీద గీత కొట్టి ఉంటే అదే గుర్తు. అలాంటివి `resolution = Unresolved` ఫిల్టర్‌లో రావు, కాబట్టి ఎవరి లిస్టులోనూ కనపడవు. తెరిచామనుకుంటారు, ఎవరూ ముట్టుకోరు.

ఎంవీపీ_డెలివరీ · రాత్రి 8:10

మేనేజర్ వైపు నుంచి అడుగుతున్నాను. మా క్లయింట్ రీఓపెన్ రేటు చూస్తాడు, అది తక్కువ ఉండాలి. మీ నియమం ప్రకారం రిలీజ్ అయ్యాక వచ్చినవన్నీ కొత్తవే అంటే రేటు బాగా తగ్గిపోతుంది. చూడ్డానికి బాగుంటుంది, కానీ నాణ్యత పెరిగినట్టు కాదు కదా. రివర్స్‌లో, రీఓపెన్ చేస్తే తన పేరు మీద పడుతుందని డెవలపర్లు ప్రతిదానికీ కొత్తది రాయమని టెస్టర్లని బతిమాలడం కూడా చూశాను.

సాగర్‌నగర్_రిలీజ్ · రాత్రి 8:45

మీ భయం న్యాయమైనదే. మేం ఆ రెండింటినీ విడివిడిగా లెక్కేస్తాం. తిరిగి తెరిచినవి అంటే పని పూర్తికాకుండా టెస్టింగ్‌కి వచ్చినవి. రిగ్రెషన్లు అంటే మనం చేసిన మార్పు జనం దగ్గర పాడుచేసినవి. కొత్త టాస్క్ రాసేటప్పుడు regression లేబుల్ తప్పనిసరి చేస్తే రెండోది దాక్కోలేదు.

```
status WAS "Done" AND status != "Done"
labels = regression AND created >= -90d
```

మొదటిదాంట్లో ఒక లోపం ఉంది: తెరిచి మళ్లీ మూసేసినవి అందులో రావు, ఇప్పుడు తెరిచి ఉన్నవే వస్తాయి. క్లయింట్‌కి రెండు అంకెలూ పక్కపక్కనే చూపించండి. ఒకటి తగ్గి రెండోది పెరిగితే ఆయనకే అర్థమవుతుంది. మనుషుల పేర్ల వారీగా మాత్రం ఈ లెక్క తీయకండి. తీసిన రోజు నుంచి ఏది రీఓపెన్, ఏది కొత్తది అన్న ప్రశ్నకి నిజాయితీగా జవాబు రాదు.

ఎండాడ_మొబైల్ · మంగళవారం, ఉదయం 9:30

మీ నియమానికి లొంగని కేసు ఒకటి. మా దగ్గర జరిగింది. ఒక ఫిక్స్ హడావుడిగా release/2.4 బ్రాంచిలో వేసి 2.4.1 వదిలారు, టాస్క్ మూసేశారు. దాన్ని మెయిన్‌లోకి తీసుకెళ్లడం ఎవరూ చేయలేదు. 2.5 మెయిన్ నుంచి వెళ్లింది, లోపం తిరిగొచ్చింది. ఇక్కడ పాత స్టెప్పులే ఫెయిల్ అవుతాయి, కారణమూ పాతదే, ఏ కొత్త కమిట్ పాడుచేయలేదు. కానీ ఫిక్స్ జనం దగ్గరికి వెళ్లింది. ఇది రీఓపెనా, కొత్తదా?

నేనైతే రీఓపెన్ అంటాను. మెయిన్‌లో ఆ పని ఎప్పుడూ పూర్తికాలేదు. is caused by లో ఏం రాస్తారు? రాయడానికి కారణమైన టాస్కే లేదు.

సాగర్‌నగర్_రిలీజ్ · ఉదయం 10:05

నేను కొత్తదే రాస్తాను, "2.4.1 ఫిక్స్‌ను మెయిన్‌లోకి తేవడం" అని. 2.4.1లో సరైందన్న మాట నిజం, ఆ రికార్డు చెరపకూడదు. పైగా ఇది పోర్ట్ చేయడం మర్చిపోయిన ప్రాసెస్ లోపం, అది విడిగా కనపడాలి.

ఎండాడ_మొబైల్ · ఉదయం 10:22

ఒప్పుకోలేకపోతున్నానండీ. పది నిమిషాల చెర్రీ-పిక్‌కి కొత్త టాస్క్, మళ్లీ టెస్ట్ కేసులు, మళ్లీ అప్రూవల్. అంత తతంగం పెడితే జనం అసలు టాస్కే రాయకుండా చడీచప్పుడు లేకుండా పిక్ చేసేస్తారు. అప్పుడు ఏ రికార్డూ ఉండదు. పాతదాని మీద రెండు బ్రాంచిలకి రెండు సబ్-టాస్కులు ముందే పెట్టి, రెండూ అయ్యేదాకా తల్లి టాస్కుని మూయనివ్వకపోతే ఈ ప్రశ్నే రాదు.

గాజువాక_మెయింటెనెన్స్ · ఉదయం 11:00

మాకు రెండు పంపులు ఉంటే రెండు ఆర్డర్లే వేస్తాం. ఒకటి బాగుచేసి రెండోది మర్చిపోతే మొదటి ఆర్డర్ తెరవం. నేనైతే సాగర్‌నగర్ బాబు వైపే.

మధురవాడ_క్యూఏ · మధ్యాహ్నం 2:15

అందరికీ చాలా థాంక్స్. 412ని మళ్లీ మూసేసి, Fix Version 3.8 తిరిగి పెట్టి, SHR-561 కొత్తగా రాశాం. 538కి is caused by, 412కి relates to. చేత్తో స్లిప్పులు రాస్తున్న ప్లాంటుకి కూడా ఫోన్ చేసి చెప్పాం. టీమ్‌కి పెట్టబోయే చిత్తు ఇది:

"ఫిర్యాదు రాగానే పాత టాస్క్‌లోని స్టెప్పులను ఉన్నవున్నట్టు కొత్త వెర్షన్ మీద నడపాలి. ఫిక్స్ ఇంకా ఏ ప్లాంటుకీ వెళ్లకపోయినా, దాన్ని రివర్ట్ చేసినా పాత టాస్క్ తెరవాలి, Resolution ఖాళీ అయిందో లేదో చూడాలి. ఫిక్స్ ఏ ఒక్క ప్లాంటుకి వెళ్లినా పాత టాస్కునీ దాని Fix Version నీ ముట్టుకోకూడదు. కొత్త టాస్క్, regression లేబుల్, పాతదానికి లింక్. కారణమైన టాస్క్ తెలిసిన రోజున రెండో లింక్."

బ్రాంచి మర్చిపోయిన కేసుకి ఏమీ రాయలేదు, మా లీడ్‌తో మాట్లాడాలి.

సిరిపురం_సపోర్ట్ · మధ్యాహ్నం 2:40

ఒక్క చిన్న మాట చేర్చండి మేడం. కొత్త టాస్క్ రాసినప్పుడు పాతదాని కింద ఒక కామెంట్: "3.10లో ఇదే లక్షణం కనిపిస్తే SHR-561 చూడండి, 3.8, 3.9లకి సంబంధం లేదు." మేం వెతికితే ముందు పాతదే దొరుకుతుంది, లింకుల ప్యానెల్ దాకా చాలామంది వెళ్లరు.

సాగర్‌నగర్_రిలీజ్ · మధ్యాహ్నం 2:52

అవును, అది తప్పక చేర్చండి. ఇంకోటి, Affects Version కూడా 561లో నింపండి, 3.10.0 అని. మీ చిత్తులో అది లేదు.

మధురవాడ_క్యూఏ · మధ్యాహ్నం 3:05

రెండూ చేర్చాను. 3.9లో ఆఫ్‌లైన్ క్యూ లేదని డెవలపర్ చేత నిర్ధారించుకుని ఆ కామెంట్ పెడతాను.